హైదరాబాద్ లక్క గాజుల సెట్ – చిలకపచ్చ, 12 గాజులు (రెండు చేతులకు)

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కు గాజులు చేసిచ్చే కారిగర్ల చేతిపని ఇది. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, ఇత్తడి చుట్టు మీద పరుస్తారు. ఆ వేడి మీదే రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. చేత్తో అద్దిన రాళ్లు కాబట్టి వరుసలో అక్కడక్కడా వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. మెషిన్ గాజులంత ఒకేలా ఉండాలనుకునేవారికి ఈ సెట్ నచ్చకపోవచ్చు.

సెట్‌లో ఏముంటాయి

మొత్తం 12 గాజులు, అంటే చేతికి ఆరు. చేతికి రెండు వెడల్పు గాజులు (ఒక్కోటి 10 మి.మీ.), వాటి మధ్య వేసుకోవడానికి నాలుగు సన్న గాజులు (ఒక్కోటి 4 మి.మీ.). ఆరూ వేస్తే ముంజేతి మీద సుమారు మూడున్నర సెంటీమీటర్లు నిండుతుంది. వెడల్పు గాజులకు తెల్ల రాళ్లు రెండు వరుసలు, సన్నవాటికి ఒకటే వరుస. లోపలివైపు నున్నని ఇత్తడి, రాయి చర్మానికి తగలదు. ఫొటోలో మధ్యన కనిపించే ఎర్ర మట్టి గాజులు అలంకారానికి పెట్టినవి, సెట్‌లో రావు. ధర 1,450 రూపాయలు.

సైజులు (లోపలి వ్యాసం, లోపలి చుట్టుకొలత)

2.2 – 54 మి.మీ., 17 సెం.మీ.
2.4 – 57.2 మి.మీ., 18 సెం.మీ.
2.6 – 60.3 మి.మీ., 19 సెం.మీ.
2.8 – 63.5 మి.మీ., 20 సెం.మీ.
2.10 – 66.7 మి.మీ., 21 సెం.మీ.

చుక్క తర్వాత అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండుంపావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర. అందుకే 2.10 అన్నిటికన్నా పెద్దది. దాన్ని 2.1 అనుకుని చిన్న చేతికి ఆర్డర్ చేయకండి.

చేయి ఎలా కొలవాలి

గాజుకు మణికట్టు కొలత పనికిరాదు, గాజు దాటాల్సింది పిడికిలిని. గాజు తొడుక్కునేటప్పుడు ముడిచినట్టే బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, వేళ్ల మొదళ్ల దగ్గర అరచేయి ఎక్కడ వెడల్పుగా ఉందో అక్కడ టేపు చుట్టండి. బిగించవద్దు, చర్మాన్ని ఆనుకుంటే చాలు. టేపు లేకపోతే దారం చుట్టి, కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, స్కేలు మీద చూడండి. ఆ కొలతను పైన ఇచ్చిన చుట్టుకొలతతో పోల్చుకోండి. 18.4 వస్తే 2.6 తీసుకోవాలి. 18.8 లేదా 18.9 వస్తే 2.8కి వెళ్లండి. మట్టి గాజును సబ్బు నురగతో ఎలాగో ఎక్కించవచ్చు. ఇది వెడల్పు గాజు, బలవంతపెడితే లక్క చిట్లుతుంది.

రోజూ వాడే చేయి రెండోదానికన్నా కొంచెం పెద్దగా ఉంటుంది, అదే కొలవండి. సీమంతానికి తీసుకుంటుంటే పెళ్లినాటి సైజును నమ్ముకోవద్దు. ఆ నెలల్లో చేతులు కాస్త ఉబ్బుతాయి. సాయంత్రం పూట కొత్తగా కొలిచి చూడండి.

ఇంట్లో సరిపోయే గాజు ఉంటే ఇంకా సులువు. దాన్ని స్కేలు మీద పెట్టి లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు వరకు, సరిగ్గా మధ్యగా చూడండి. గాజు మందాన్ని కలిపితే ఒక సైజు తప్పిపోతుంది.

జతగా కడియం (విడిగా ఒకటి, ధర 650 రూపాయలు)

ఇదే రంగు లక్క, ఇత్తడి మీద. కీలు, మర ఉండి తెరుచుకుంటుంది కాబట్టి పిడికిలి కొలత అక్కర్లేదు. దీనికి మాత్రం మణికట్టే కొలవాలి, ఎముక దాటి చేతి వైపు. లోపల కోలగా 58 × 48 మి.మీ. ఉంటుంది. మణికట్టు చుట్టుకొలత 14.5 నుంచి 15.5 సెం.మీ. ఉన్నవారికి చక్కగా కూర్చుంటుంది. 16 దాటితే బిగుతుగా ఉంటుంది, తీసుకోకండి.

జాగ్రత్తలు

లక్క వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో, పొయ్యి గట్టు మీద పెట్టకండి. స్నానానికి, అంట్లకు తీసేయండి. సెంటు కొట్టుకున్నాక, అది ఆరిన తర్వాతే వేసుకోండి. ఒకదానికొకటి రాసుకోకుండా మెత్తటి గుడ్డలో చుట్టి దాచండి.

లోపల ఇత్తడి ఉన్నందున తయారయ్యాక సైజు మార్చలేం. కొలత మీద సందేహం ఉంటే స్కేలు పక్కన దారం పెట్టి ఫొటో పంపండి, చూసి సైజు చెప్పాకే ప్యాక్ చేస్తాం. సైజు కుదరకపోతే అందిన 7 రోజుల్లో, వాడకుండా, 12 గాజులూ కలిపి పంపితే మారుస్తాం. దారిలో రాయి ఊడితే ఆ ఒక్క గాజు పంపండి, రాయి అద్దించి మా ఖర్చుతో తిరిగి పంపుతాం.