మీ నాయన తూకం చీటీ

చిత్తూరు,
2025 ఆగస్టు 17, ఆదివారం.

తమ్ముడు శేఖర్‌కు,

గురువారం చిన్నదినానికి మీ ఇంటికి వచ్చి కూడా నీతో రెండు మాటలు మాట్లాడలేదు. వసారాలో ఒక పక్కగా కూర్చుని, లేచి వచ్చేసినాను. చావింటి నుంచి ‘పోయొస్తా’ అని చెప్పకూడదంటారు కదా, ఆ పట్టింపు ఆ పొద్దు నాకు బాగా అక్కరకొచ్చింది. చెప్పాల్సింది ఒకటి ఉండింది. అంతమందిలో నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

మంగళవారం పొద్దున ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలియగానే అందరితో పాటు నేనూ చేతులు జోడించిన బొమ్మ పెట్టినాను. అప్పటికే ముప్పై ఒకటి ఉన్నాయి, నాది ముప్పై రెండోది. పెట్టినాక నాకే సిగ్గేసింది. వాళ్ళలో చాలామంది మీ నాయనను చూసింది లేదు. నేను చూసినాను, మాట్లాడినాను, ఆయన చేతి కాయ తిన్నాను.

నిన్న ఒక ఉత్తరం రాసి చించేసినాను. అందులో ‘తీరని లోటు’ ఉండింది, ‘గుండె దిటవు చేసుకో’ ఉండింది, ‘పుణ్యాత్ముడు’ కూడా ఉండింది. చదువుకుంటే, పెద్దసారు పేరు మీద నేను టైపు చేసే సంతాపం కాగితం మాదిరే ఉంది, పేరొకటి మారిస్తే ఎవరికైనా పంపొచ్చు. నీ దుఃఖం ఎంతో నాకు తెలియదు. మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది గానీ అది వేరే కథ, దాన్ని తెచ్చి నీ ముందర పెట్టను. నాకు తెలిసిందల్లా మీ నాయన మన అకౌంట్స్ కిటికీ దగ్గర రెండుసార్లు నిలబడింది. అదే రాస్తాను.

గురువారం మీ చిన్నాయన మాటల్లో మాటగా అన్నాడు చూడు, “జూలైలో అన్న కాయ తోలుకోని పోయి మూడు రాత్రులు ట్రాక్టరు కిందే పండుకున్నాడు” అని. నువ్వు తలెత్తినావు. “మూడు రాత్రులా? పొద్దున్నే వచ్చినానని చెప్పినాడే నాతో” అన్నావు. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కింటోళ్ళు తెచ్చిచ్చిన కాఫీ నీ చేతిలో అట్లే ఉండిపోయింది, పైన మీగడ కట్టేసింది. మీ అమ్మే చూసి, “వాడి చేతిలో గ్లాసు తీసుకోండి ఎవరన్నా” అన్నది.

శేఖరా, మూడు రాత్రుల సంగతి నాకు అప్పుడే తెలుసు.

జూలై మొదటి వారం. ఆ వారం ఎట్లుండిందో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. తోతాపురి కాయ ఎవరూ కొనేవాళ్ళు లేక జిల్లాలో ఉండే ట్రాక్టర్లన్నీ ఫ్యాక్టరీ గేట్ల ముందరే నిలబడినాయి. మన లైను గేటు దాటి, టీ అంగళ్ళు దాటి, మెయిన్ రోడ్డు ఎక్కింది. నువ్వు కాటా దగ్గర నుంచి తల తిప్పే సందు లేదు, నేను కిటికీ దగ్గర నుంచి. ఒక పెద్దాయన వచ్చి టోకెన్ చూపించి, “ఇది ఎప్పుడొస్తాదమ్మణ్ణీ” అని అడిగినాడు. భుజం మీద తడి తువాలు, చేతులకు మామిడి జీడి అంటుకోని నల్లగా ఉన్నాయి. టోకెన్ మీద మీ ఊరి పేరు చూసినాను. మొహం చూసినాను. నువ్వు నవ్వేటప్పుడు ఒక పక్క బుగ్గ లోపలికి పోతుంది కదా, అదే బుగ్గ.

“మీరు శేఖర్ వాళ్ళ నాయనా?” అన్నాను.

ఆయన ముందు వెనక్కి తిరిగి చూసినాడు, ఎవరన్నా విన్నారేమోనని. తర్వాత మెల్లగా, “అవును మా. నేనొచ్చినట్టు వాడికి చెప్పబాక” అన్నాడు.

ఎప్పుడొచ్చినారంటే మొన్న సాయంత్రం అన్నాడు. రెండు రాత్రులు అయిపోయినాయి అప్పటికి. లోపలికి రండి, ముందర తూకం వేయిస్తాను అన్నాను. నాకు ఆ అధికారం లేదు, ఊరికే అన్నాను. ఆయన నా మొహం చూసి చెప్పిన మాట మాత్రం ఒక్క ముక్క కూడా మార్చకుండా రాస్తున్నాను.

“వద్దు మా. వాడు కాటా కాడ కూర్చోనుండాడు. నా కాయ ముందర తూస్తే, ఎనకాల ఉండేటోళ్ళు వాణ్ణి ఏమనుకుంటారు? నేను ఏడాదికి ఒకసారి వస్తా. వాడు దినామూ ఆ మొగాలు చూడాల గదా.”

అని, ఒక బక్కెట్టు నీళ్ళు అడిగినాడు. తాగేదానికేమో అనుకున్నా. కాయ మీద కప్పిన గోనెపట్టలు తడిపేదానికి. ఎండకు కాయ వాడిపోయి తూకం పోతుందని ఆయన రంధి. అన్నం తిన్నారా అంటే, లైన్లో వాళ్ళంతా కలిసి వండుకుంటున్నామని చెప్పినాడు. నిజమో కాదో తెలియదు.

నేను నీకు చెప్పలేదు. పెద్దాయన మాట నిలబెట్టినానని అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, చెప్పుంటే నువ్వు ఆ రాత్రి డ్యూటీ దిగి పోయి ఆయన పక్కన కూర్చోనుందువు. ఇంటి నుంచి క్యారియరు తెప్పించి ఉందువు. ఆ ఒక్క రాత్రి నా వల్ల లేకుండా పోయింది. దీనికి నన్ను క్షమించమని అడగను, ఇప్పుడు నీకు ఆ బరువు కూడా ఎందుకు. నీకు తెలియకుండా నేను నీ ఎదురుగా కూర్చుని పని చేయలేను, అందుకని రాస్తున్నాను. కోపం వస్తే రానీ.

రెండోసారి, తూకం అయిపోయిన రోజు. తూకం చీటీ చేతిలో పట్టుకోని మళ్ళీ నా కిటికీ దగ్గరికి వచ్చినాడు. మూడు రాత్రులు నిద్ర లేని మనిషి నవ్వుతా ఉన్నాడు. చీటీ నా ముందర పెట్టి, తరుగు రాసిన చోట వేలు పెట్టినాడు.

“చూడు అమ్మణ్ణీ. అందరికీ పట్టినట్టే నాకూ పట్టినాడు.”

నూటికి రెండు లెక్కన 83 కిలోలు తీసేసినావు నువ్వు. రైతులు తరుగు గురించి నా కిటికీ దగ్గర తిట్టని తిట్టు లేదు, అది నీకూ తెలుసు. తరుగు చూపించి మురిసిపోయిన మనిషిని ఈ పదకొండేళ్ళలో ఆయన ఒక్కణ్ణే చూసినాను. వెనక నిలబడిన ఇంకో రైతుకు కూడా చూపించినాడు. “కాటా కాడ ఉండేది మావాడే” అని అప్పుడు చెప్పినాడు, పని అయిపోయినాక, అందరికీ వినబడేటట్టు.

పోతా పోతా తువాలు కొనలో నుంచి రెండు నీలం మామిడి కాయలు తీసి కిటికీలో పెట్టినాడు. కొళాయి దగ్గర కడిగి తెచ్చినట్టున్నాడు, తడిగా ఉన్నాయి. ఒకటి నేను తిన్నాను. ఒకటి నీకిద్దామనుకుంటే, ఇస్తే ఎక్కడిదని అడుగుతావని అదీ నేనే తినేసినాను.

ఇది చదివితే నీ బాధ తగ్గుతుందని నేననను. మూడు రాత్రులు మూడు రాత్రులే. ఆయన ఆ లైన్లో నిలబడింది నువ్వు పట్టించుకోక కాదు, నీకు తెలియకూడదని ఆయనే అనుకోబట్టి. ఇది నా ఊహ కాదు, నా చెవులతో విన్నది. గురువారం నీ మొహం చూసినాక ఇది నీకు చేరాలనిపించింది, అంతే.

ఆ చీటీ ఆఫీసు కాపీ నా ఫైల్లో ఉంది. జిరాక్స్ తీసి ఈ కవర్లోనే వేరే మడతలో పెట్టినాను. లోడు బరువు 6,940, ఖాళీ బరువు 2,780, తరుగు పోను 4,077 కిలోలు. కింద ఒక పక్క నీ సంతకం, ఒక పక్క ఆయన సంతకం. ఇప్పుడు చూడాలనిపించకపోతే మడత విప్పకుండా మీ చెల్లెలి దగ్గర పెట్టు.

ఇంక పని సంగతులు. ఇవి ఈ ఉత్తరంలో రాయొచ్చా అని ఆలోచించినాను గానీ, రాయకపోతే నువ్వే ఫోన్ చేసి అడుగుతావు.

దుడ్లు: కిలోకు 8 రూపాయల లెక్కన ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన 32,616 ఇంకా పడలేదు. మీ నాయన ఒక్కడికే కాదు, ఆ వారం లోడ్లు ఎవరికీ పడలేదు. బిల్లు నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఆయన ఖాతాకు వేస్తే తీసుకునేదానికి మీ అమ్మ బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తుంది. మీరు చెప్పేదాకా ఆపి పెడతాను. గవర్నమెంటు ఇస్తానన్న కిలోకు 4 రూపాయల గురించి మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఎవరినైనా పంపించి అడిగించు, నువ్వే పోనక్కర లేదు.

మరణం నమోదు మాత్రం మరిచిపోవద్దు. 21 దినాల లోపల చేయిస్తే ఖర్చు లేకుండా అయిపోతుంది. అంటే సెప్టెంబరు 2 లోపల. దానికి కూడా మీ చిన్నాయన చాలు. ఆ సర్టిఫికెట్ ఉంటేనే బ్యాంకులో మిగతా పనులు కదులుతాయి.

కాటా దగ్గర నీ బదులు స్టోర్స్ అబ్బోడు కూర్చుంటున్నాడు. సీజను అయిపోయింది కాబట్టి లోడ్లు పెద్దగా లేవు, తప్పులు చేసినా నేను దిద్దుకుంటాను. నీ సెలవు చీటీ నేనే రాసి పెట్టించినాను. ఎన్ని దినాలని రాయలేదు, ఆ గడి ఖాళీగానే వదిలినాను. సారు చూసి ఏమీ అనలేదు.

శుక్రవారం పెద్దదినానికి మన ఆఫీసు నుంచి ఏడుగురం వస్తాం. వంటవాళ్ళకు లెక్క చెప్పేదానికి పనికొస్తుందని రాస్తున్నా. ఆ పొద్దు నన్ను పలకరించాలని గానీ, ఈ ఉత్తరం అందిందని చెప్పాలని గానీ చూడొద్దు. వచ్చి, తిని, మొన్నటి మాదిరే చెప్పకుండా లేచి పోతాను. మీ అమ్మ దగ్గర మాత్రం కాసేపు కూర్చుంటాను. మొన్న ఆమె ఎవరి మొహమూ చూడకుండా చాప అంచు ఒకటే లాగుతా ఉండింది.

ఇంకొకటి. ఈ ఏడాది మీరు కొండకు పోయేది లేదు కదా. పెరటాసి మూడో శనివారం నేను నడిచి పోతున్నా. ప్రసాదం మీ ఇంటికి తేవచ్చో లేదో మీ పెద్దోళ్ళను ఎప్పుడన్నా అడుగు. తొందరేం లేదు.

మీ
విజయక్క
అకౌంట్స్