పిన్ని కోసం ఇంటి వ్యాయామం

పిన్నీ, యాప్‌లో ఇంగ్లిష్ పేర్లు చూసి టెన్షన్ పడకు. అన్నీ మన మాటల్లో రాశాను. వారానికి నాలుగు రోజులు, పొద్దున్నే చెయ్యి. బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

స్క్వాట్ అంటే గుంజీలే, చెవులు పట్టుకోనక్కర్లేదు. వెనక కుర్చీని గోడకు ఆనించి పెట్టుకో. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, కూర్చోబోతున్నట్టు ముందు పిరుదుల్ని వెనక్కి జరుపు, తర్వాత మోకాళ్లు వంచు. కుర్చీ తగలగానే లే. మడమలు నేలను వదలకూడదు. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలిపోకూడదు, నీకు అక్కడే తప్పుతుంది, చూసుకో. దిగేటప్పుడు ఊపిరి తీసుకో, లేచేటప్పుడు వదులు. ఎనిమిదేసి చొప్పున రెండుసార్లు.

పుషప్ అంటే దండీలు. నువ్వు గోడ మీదే చెయ్యి. చేతులు చాచి గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ ఛాతీని దగ్గరికి తీసుకెళ్లు. తల నుంచి మడమల దాకా ఒళ్లు రోకలిలా తిన్నగా ఉండాలి. ఇదీ ఎనిమిది.

బ్రిడ్జ్‌కి వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము మెల్లగా పైకెత్తి దించు. మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలిపి ఉంచే ప్లాంక్ ఈ నెల వద్దు.

మర్నాడు తొడలు పట్టేస్తే భయపడకు, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మోకాలు గుచ్చినట్టున్నా, ఛాతీ బరువెక్కినా వెంటనే ఆపేసి నాకు కాదు, డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.