సేవా స్థాయి ఒప్పందం

2025 ఏప్రిల్ 1న గుంటూరులో ఈ ఒప్పందం కుదిరింది. మొదటి పక్షం 300 పడకల ఆసుపత్రిని నడిపే ట్రస్టు (ఇకపై ‘ఆసుపత్రి’). రెండో పక్షం ఆ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను, సర్వర్లను నిర్వహించే హైదరాబాద్ కంపెనీ (ఇకపై ‘కంపెనీ’). గడువు మూడేళ్లు. నెలసరి రుసుము జీఎస్టీ కాక రూ. 4,00,000.

1. అందుబాటు: వ్యవస్థ ప్రతి నెలా 99.9 శాతం సమయం పనిచేయాలి. అంటే 30 రోజుల నెలలో మొత్తం 43 నిమిషాలకు మించి ఆగకూడదు. తెర వెలుగుతున్నంత మాత్రాన వ్యవస్థ పనిచేస్తున్నట్టు కాదు. ఐసీయూలోని రోగి పొటాషియం ఫలితం ల్యాబ్‌లో సిద్ధమై కూడా డాక్టరు తెరపైకి రాకపోతే, లేదా రోగి వివరాలు తెరుచుకోవడానికి 10 సెకన్లు దాటితే, ఆ సమయమంతా అంతరాయమే. ఆసుపత్రి మొదటి ఫోన్ చేసిన క్షణం, కంపెనీ పర్యవేక్షణలో లోపం బయటపడిన క్షణం, ఈ రెండింటిలో ఏది ముందైతే అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది.

రెండో, నాలుగో ఆదివారాల్లో తెల్లవారుజామున 1 నుంచి 4 గంటల వరకు, ఏడు రోజుల ముందు తెలియజేసి చేసే మరమ్మతులు ఈ లెక్కలోకి రావు. 4 గంటలు దాటిన ప్రతి నిమిషం వస్తుంది. ఆసుపత్రి భవనంలోని విద్యుత్తు, కేబుళ్ల లోపాలకు కంపెనీ బాధ్యురాలు కాదు.

2. స్పందన: క్యాజువాలిటీ, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, బ్లడ్ బ్యాంకు, ల్యాబ్ ఆగితే అది మొదటి స్థాయి సమస్య. పగలైనా రాత్రయినా 10 నిమిషాల్లో ఇంజనీరు ఫోన్‌లో మాట్లాడాలి, 2 గంటల్లో సేవ పునరుద్ధరించాలి. ‘మీ ఫిర్యాదు నమోదైంది’ అని దానంతటదే వచ్చే సందేశాన్ని స్పందనగా పరిగణించరు. బిల్లింగ్, ఫార్మసీ సమస్యలకు 30 నిమిషాల్లో స్పందన, 6 గంటల్లో పరిష్కారం. మిగిలినవి రెండు పనిదినాల్లో. సమస్య ఏ స్థాయిదో డ్యూటీ డాక్టరు నిర్ణయిస్తారు. అభ్యంతరం ఉంటే సేవ పునరుద్ధరించాకే చెప్పాలి.

3. పరిహారం: అందుబాటు 99.9 శాతం కంటే తగ్గి 99.5 వరకు ఉంటే నెల రుసుములో 5 శాతం, 99.5 కంటే తగ్గి 99 వరకు ఉంటే 10 శాతం, అంతకన్నా తగ్గితే 20 శాతం కోత పడుతుంది. ఉదాహరణకు 30 రోజుల నెలలో 90 నిమిషాలు ఆగితే అందుబాటు 99.79 శాతం, కోత రూ. 20,000. మొదటి స్థాయి సమస్యలో పునరుద్ధరణ గడువు దాటిన ప్రతి అరగంటకు అదనంగా రూ. 5,000. ఒక నెల మొత్తం కోత 25 శాతం మించదు. రోగుల రికార్డులు పోయినా, బయటికి పొక్కినా ఈ పరిమితి వర్తించదు. ఈ మొత్తాలు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలు ముందే అంగీకరించిన నష్టపరిహారం.

4. డేటా: ప్రతి 15 నిమిషాలకు మరో నగరంలోని సర్వర్‌లో నకలు భద్రపరచాలి. మూడు నెలలకోసారి ఆ నకలు నుంచి వ్యవస్థను తిరిగి నిలబెట్టి, ఆసుపత్రి సిబ్బంది ఎదుట చూపాలి. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన వెంటనే ఆసుపత్రికి, 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి.

5. రద్దు: ఏ 12 నెలల్లోనైనా మూడు సార్లు నెలవారీ అందుబాటు 99.5 శాతం కంటే తగ్గితే, 60 రోజుల నోటీసుతో ఆసుపత్రి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. బకాయిల వివాదం ఉన్నా సరే, ఆ 60 రోజుల్లోగా రోగుల రికార్డులన్నీ చదవగలిగే రూపంలో కంపెనీ అప్పగించాలి. వివాదాలు గుంటూరు కోర్టుల పరిధిలోకి వస్తాయి.

పై షరతులకు అంగీకరించి, ఇరుపక్షాల అధీకృత ప్రతినిధులు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకాలు చేశారు.