పాపా, మేకమాంసం సర్దేముందు ఇది చదువుకో

పాపా, అర మేక 7 కేజీలు తెచ్చుకున్నామని చెప్పినావు కదా. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నా.

మొట్టమొదట ఒకటి అడుగు. ఆ మేకను కోసింది ఈ రోజేనా? ఈ రోజే అయితే వెంటనే గడ్డకట్టించొద్దు. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, ఒకరోజు ఆగితే మళ్లీ సడలుతుంది. బిగుసుకున్నప్పుడే ఫ్రీజర్లో పెట్టినావంటే ఎన్ని విజిల్స్ ఇచ్చినా రబ్బరే. వెడల్పు గిన్నెలో పెట్టి మూతేసి, ఫ్రిజ్ కింది అరలో ఒక రాత్రి ఉంచు. లివర్ మాత్రం ఆగదు, ఈ రోజో రేపో వండేయండి.

సర్దేముందు కడగొద్దు. తడి ఉంటే ఆ నీళ్లు మంచుగడ్డలై తునకలకు అంటుకుంటాయి, కరిగినాక అంతా నీళ్లునీళ్లుగా అవుతుంది. అక్కడ మీ మాంసం అంగట్లో రంపంతో కోస్తారు కాబట్టి తునకలకు ఎముకపొడి అంటుకొని ఉంటుంది. టిష్యూతో ఒత్తి తుడువు చాలు, కడుగుడు వండే రోజు. పైన దట్టంగా ఉండే కొవ్వు సగం కోసి పారెయ్. మేక వాసన ఎక్కువగా ఉండేది దాంట్లోనే.

మీరిద్దరే కాబట్టి పూటకు అర కేజీ లెక్క. మెడ, ముందు చెయ్యి, నడుము కలిపి 3.5 కేజీలు వస్తుంది, అది కూరకు, 7 ప్యాకెట్లు. పక్కటెముకలు ఒక కేజీ, 2 ప్యాకెట్లు, అవి ఉడికించి వేయించుకుంటే బాగుంటాయి. తొడ 2 కేజీల్లో మెత్తటి కండ కేజీ వేపుడుకు తియ్యి, అర కేజీ కైమా కొట్టుకొని పావు కేజీ చొప్పున రెండు చెయ్, మిగిలిన అర కేజీ ఎముక కాళ్ల ఎముకలతో కలిపి చారుకు. తొడ కండను కూరలో వెయ్యకు, కొవ్వు లేక పీచులాగా ఎండిపోతుంది.

జిప్ కవర్లో ముద్దగా కుక్కొద్దు. రెండు వేళ్ల మందం మించకుండా పలకలాగా పరుచు, అరచేత్తో ఒత్తి గాలంతా తీసెయ్. గాలి తగిలిన చోట తెల్లగా ఎండి అట్టలాగా అవుతుంది. కవర్ మీద ఏ భాగమో, తారీఖు, బరువు రాసుకో. గడ్డకట్టినాక అన్నీ ఒకే మాదిరి కనపడతాయి. మొదటి రోజు ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, మధ్యలో ఉండేది ఆలస్యంగా గడ్డకడుతుంది. ఫ్రీజర్ 0 ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 18 ఉండాల. ముక్కలు ఆరు నెలల వరకు, కైమా మూడు నెలల లోపల తినేయండి. ఆ తర్వాత చెడిపోదు గానీ రుచి పోతుంది.

వండాలంటే ముందు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చు. మరిచిపోతే కవర్‌తో పాటు చల్లనీళ్లల్లో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చు, గంట గంటన్నరలో అవుతుంది. అట్ల కరిగించింది వెంటనే వండాల. సింకు పక్కన పెట్టి ఆఫీసుకు పోవద్దు, లోపల గడ్డగానే ఉన్నా పైన పాడవుతుంది.

అర కేజీ కూరకు: ఎర్రగడ్డలు 2, అల్లం తెల్లగడ్డ ముద్ద పెద్ద స్పూన్, టమాటా ఒకటి, కారం 2 చిన్న స్పూన్లు, ధనియాలపొడి ఒకటిన్నర, ఉప్పు ఒకటి, పసుపు పావు, లవంగాలు 3, చెక్క చిన్నది. ఎండుకొబ్బెర పెద్ద స్పూన్, గసాలు చిన్న స్పూన్ వేరుగా నూరి పెట్టుకో.

నూనెలో లవంగాలు, చెక్క, ఎర్రగడ్డ ఎర్రగా వేగినాక అల్లం ముద్ద, తర్వాత మాంసం, పసుపు, ఉప్పు. ఇక్కడే అందరూ తొందరపడతారు. మాంసం వదిలిన నీళ్లు ఇగిరి, చిటపటమని నూనె తేలేదాకా, 10–12 నిమిషాలు కలుపుతూ వేయించు. అంతకు ముందే నీళ్లు పోస్తే ఆ నీచు వాసన కూరలోనే ఉంటుంది. ఇప్పుడు కారం, ధనియాలపొడి, టమాటా, ఒకటిన్నర గ్లాసు వేడినీళ్లు. చల్లనీళ్లు పోస్తే కుక్కర్ వేడెక్కేది ఆలస్యమవుతుంది.

మొదటి విజిల్ వచ్చినాక సన్నమంట, లేతదైతే 12 నిమిషాలు, ముదురుదైతే 20. ఎముక లోపల ఎర్రగా ఉంటే లేతది. ఆవిరి తనంతట తాను పోయేదాకా మూత తియ్యొద్దు. తునకను వేళ్లతో నొక్కితే ఎముక నుంచి విడిపోవాల. విడిపోకపోతే అర గ్లాసు వేడినీళ్లు పోసి ఇంకో రెండు విజిల్స్. కొబ్బెర గసాల ముద్ద మాత్రం మూత తీసినాకనే వేసి 5 నిమిషాలు ఉడికించు. ముందే వేస్తే అడుగంటుతుంది, మీ కరెంటు కుక్కర్ అయితే అరిచి ఆగిపోతుంది కూడా.

లివర్‌కు కుక్కర్ వద్దు. పెనం మీద మిరియాలతో 5–6 నిమిషాలు, ఉప్పు దించేముందు. ఎక్కువసేపు ఉంచితే రాయి.

సంగటికైతే కూర ఇంకో అర గ్లాసు పల్చగా ఉంచుకో, చల్లారితే చిక్కబడుతుంది.