విషయం: రూ. 2,36,000 చెల్లింపు 0412 బిల్లు కింద జమ అయింది. మీరు మళ్లీ ఏమీ చెల్లించనవసరం లేదు

తేదీ: 18 జూలై 2025, విజయవాడ

అకౌంట్స్ మేనేజర్ గారికి,

నమస్కారం.

జూలై 14న మీరు ఆర్‌టీజీఎస్ ద్వారా పంపిన రూ. 2,36,000 పూర్తిగా మాకు అందింది. యూటీఆర్ చివరి అంకెలు 3078. ఆ మొత్తాన్ని ఇప్పుడు జూన్ 4 నాటి 0412 బిల్లు కింద జమ చేశాము. దాంతో ఆ బిల్లు తీరిపోయింది. జూలై 2 నాటి 0421 బిల్లుకు రూ. 1,41,600 రావలసి ఉంది. దాని గడువు ఆగస్టు 17.

ఈ నెల 16న మా నుంచి మీకు వచ్చిన సందేశం స్థానంలో దయచేసి ఈ ఉత్తరాన్ని ఉంచుకోండి. "మీ చెల్లింపు వేరొక ఇన్‌వాయిస్‌కు నమోదైనందున పునఃకేటాయింపు చేయడమైనది, గమనించగలరు" అని మాత్రమే అందులో ఉంది. ఎంత సొమ్ము, ఏ బిల్లు, ఇక మిగిలింది ఎంత అన్నది లేదు. డబ్బు వెనక్కి వచ్చిందా, మళ్లీ పంపాలా, ఆలస్య రుసుము ఏమైనా పడుతుందా అని మీరు నిన్న అడిగినవి న్యాయమైన ప్రశ్నలు. మూడింటికీ జవాబు ఒక్కటే: లేదు. డబ్బు మా ఖాతాలోనే ఉంది, మళ్లీ పంపనవసరం లేదు, ఏ రుసుమూ లేదు.

జరిగింది ఇది. 14న వచ్చిన సొమ్ముతో పాటు బ్యాంకు వివరణలో బిల్లు నంబరు 0421 అని ఉంది. 12, 21 అంకెలు అటూ ఇటూ కావడం ఎవరి చేతిలోనైనా జరిగేదే, ఇందుకు మీ క్యాషియర్ గారిని ఎవరూ ఏమీ అనవద్దని నా మనవి. మీరు రాసిన నంబరు ప్రకారమే మేము ముందు 0421 కింద జమ చేశాము. ఆ బిల్లు మొత్తం రూ. 1,41,600 మాత్రమే కనుక రూ. 94,400 మీ పేరు మీద అడ్వాన్సుగా మిగిలింది. మరోవైపు 0412 మొత్తం బాకీగానే కనిపించింది. 15వ తేదీ ఉదయం ఆ బిల్లు గడువు దగ్గరపడుతోందంటూ మీకు వెళ్లిన గుర్తుచేసే సందేశం ఈ కారణంగా వచ్చినదే. దాన్ని పట్టించుకోకండి.

మీరు పంపిన సొమ్ము 0412 బిల్లు మొత్తంతో పైసలతో సహా సరిపోయింది: జాడీల ధర రూ. 2,00,000, దానిపై 18 శాతం జీఎస్‌టీ రూ. 36,000. అనుమానం అక్కడే వచ్చింది. అయినా మాకు మేముగా మార్చలేదు. ఏ బాకీ కింద జమ చేయాలో చెప్పే హక్కు డబ్బు చెల్లించినవారిదని ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం, 1872, సెక్షన్ 59 చెబుతోంది. మీరు నంబరు రాసి పంపినప్పుడు దాన్ని మార్చాలంటే మీ మాట ఉండాలి. అందుకే 15న మీ కార్యాలయానికి ఫోను చేశాము. ఆ సొమ్ము జూన్ సరుకుకు పంపినదేనని మీ క్యాషియర్ గారు చెప్పిన తర్వాత 16న మార్చాము.

మీ మొత్తం బాకీలో ఒక్క రూపాయి కూడా మారలేదు. మార్పుకు ముందు 0412 కింద రూ. 2,36,000 బాకీ, అందులో నుంచి అడ్వాన్సు రూ. 94,400 తీసివేస్తే రూ. 1,41,600. మార్పు తర్వాత 0421 కింద బాకీ అదే రూ. 1,41,600. మీ లెడ్జరు మొత్తం మాతో కలుస్తున్నా బిల్లులవారీ జాబితా కలవకపోతే కారణం ఇదేనని గుర్తించగలరు.

తేదీ విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే మీ ఆడిటర్లు తప్పక అడుగుతారు. మీరు చెల్లించిన తేదీ జూలై 14. మేము పద్దు మార్చిన 16 కాదు. మా సంస్థ ఉద్యమ్‌లో చిన్న తరహా సంస్థగా నమోదై ఉన్నందున ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం మన ఒప్పందంలోని 45 రోజుల గడువును వారు సరిచూస్తారు. 0412 సరుకు మీకు జూన్ 5న అందింది, గడువు జూలై 20. మీరు అంతకు ముందే చెల్లించారు. మా రికార్డులోనూ అలాగే ఉంది. మీరు సమయానికి చెల్లించిన బిల్లు ఆలస్యమైనట్టు ఎక్కడా నమోదు కాకూడదన్నది మా పట్టుదల.

జీఎస్‌టీ వైపు చేయవలసింది ఏమీ లేదు. రెండు బిల్లుల్లో ఏదీ మారలేదు కనుక క్రెడిట్ నోటు అవసరం లేదు, మా రిటర్నులోనూ సవరణ లేదు. అయితే మీ పుస్తకాల్లో 0412 బాకీగానే ఉండిపోతే ఒక చిక్కు ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు చెల్లించకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఈ బిల్లుకు ఆ గడువు డిసెంబరు 1. అప్పటికి ఈ సంగతి ఎవరికీ గుర్తుండకపోవచ్చు, చెల్లించిన బిల్లుకే మీరు రూ. 36,000 క్రెడిట్ అనవసరంగా వెనక్కి ఇచ్చే ప్రమాదం ఉంది. అందువల్ల ఇప్పుడే సరిచేసుకోమని కోరుతున్నాను.

మీరు టాలీ వాడుతున్నారని క్యాషియర్ గారు చెప్పారు. జూలై 14 నాటి చెల్లింపు వోచరును రద్దు చేయవద్దు, కొత్తది వేయవద్దు. అదే వోచరు తెరిచి, బిల్లులవారీ వివరాల్లో `Agst Ref` ఎదుట 0421 తీసేసి 0412 ఎంచుకుంటే చాలు. తేదీ, మొత్తం, బ్యాంకు వివరం అలాగే ఉంచండి.

మీ నుంచి కోరేది ఒకటే. "జూలై 14 నాటి రూ. 2,36,000ను 0412 బిల్లుకు జమ చేయడానికి సమ్మతి" అని ఈ మెయిల్‌కు ఒక వాక్యం జవాబుగా రాయండి. ఫోనులో చెప్పిన మాట మాకు చాలు, కానీ రేపు మీ దగ్గరా మా దగ్గరా మనుషులు మారినా కాగితం నిలుస్తుంది. జూలై 22 మంగళవారంలోగా పంపితే నెలాఖరు సరిపోల్చే పనికి అందుతుంది.

సవరించిన రసీదును, ఈ రోజు వరకు ఉన్న లెడ్జరు కాపీని జతచేశాను. 0421 అని రాసి ఉన్న పాత రసీదుపై "రద్దు" అని రాసి ఫైలులో ఉంచండి, చింపేయవద్దు.

0421 గడువు ఆగస్టు 17 ఆదివారం. ఈ మొత్తం రెండు లక్షల లోపు కనుక ఆర్‌టీజీఎస్ కాకుండా నెఫ్ట్ ద్వారా పంపాలి. అది సెలవు రోజుల్లోనూ పనిచేస్తుంది కానీ 15న స్వాతంత్ర్య దినోత్సవం కూడా ఉన్నందున మీ దగ్గర సంతకం చేసేవారు అందుబాటులో లేకపోవచ్చు. 14 గురువారానికే పంపితే మీకు ఇబ్బంది ఉండదు.

ఇంకొక జాగ్రత్త. మా బ్యాంకు ఖాతా మారలేదు. ఈ ఉత్తరంలో ఖాతా నంబరు కావాలనే రాయలేదు. చెల్లింపు సరిచేస్తున్నామంటూ వచ్చే మెయిళ్ల ముసుగులో మోసగాళ్లు కొత్త ఖాతా నంబర్లు పంపుతుంటారు. ఎవరైనా మా పేరు చెప్పి మరో ఖాతాకు మళ్లీ పంపమంటే ఒక్క రూపాయి కూడా పంపకండి. మీ కొనుగోలు ఆర్డరులో ఉన్న మా పాత నంబరుకు ఫోను చేసి అడగండి.

అర లీటరు జాడీల ఆర్డరు ఈ కారణంగా ఎక్కడా ఆగలేదు. అనుకున్నట్టే జూలై 21 సోమవారం విజయవాడలో లోడు అయి గుంటూరు వస్తుంది.

అడగగానే ఫోనులోనే వివరం చెప్పి సహకరించిన మీ క్యాషియర్ గారికి మా కృతజ్ఞతలు తెలియజేయగలరు.

ఇట్లు,
సీనియర్ అకౌంటెంట్, వసూళ్ల విభాగం
ఆటోనగర్, విజయవాడ

జతపరచినవి: 0412 బిల్లుకు సవరించిన రసీదు, 18 జూలై 2025 వరకు లెడ్జరు