జీడిపప్పు పడదంటే ఎలా పడదు?

గురువారం, సాయంత్రం 6.40

కోడలు: అత్తయ్యగారూ, నమస్తే. ఆదివారం పొద్దున్నే విశాఖలో బయల్దేరి పదకొండుకల్లా పలాస వచ్చేస్తాం. ఒక్క మాట చెప్పాలండీ, ఏమీ అనుకోవద్దు. నాకు పప్పులు పడవు. నా కోసమని వేరే ఏమీ చేయకండి, ఉన్నవాటిల్లో సర్దుకుంటాను.

చిన్నత్తయ్య: పప్పులు పడవా? ముద్దపప్పు, కొత్తావకాయ, నెయ్యి అనుకున్నానే! మరి రోజూ అన్నంలోకి ఏం కలుపుకుంటావు తల్లీ?

కోడలు: అయ్యో, కందిపప్పు కాదండీ. నట్స్. జీడిపప్పు, పిస్తా.

చిన్నత్తయ్య: జీడిపప్పా! పలాసకి భోజనానికి వస్తూ చెప్పాల్సిన మాటేనా ఇది. మీ మామయ్యకి చదివి వినిపించాను, కళ్ళజోడు తీసి నా వంక చూస్తున్నారు.

సరే, నవ్వులాటకి అన్నాను. ఇప్పుడు నిజంగా అడుగుతున్నా, మొహమాటపడకుండా చెప్పు. పడదంటే ఎలా పడదు? మన ఇళ్ళల్లో ఆ ఒక్క మాట అన్నిటికీ వాడేస్తాం. మా అక్కకి వంకాయ పడదు, అంటే దురద. మా మరిదికి కాకరకాయ పడదు, అంటే ఇష్టం లేదు, అంతే. మీ మామయ్యకి జీడిపప్పే పడదు, అంటే వేడి చేస్తుందట, అయినా సాయంత్రమయ్యేసరికి గుప్పెడు నోట్లో వేసుకుంటారు. నీది వీటిల్లో ఏది? రుచి నచ్చకపోతే నీ గిన్నెలో వేయకుండా వడ్డిస్తాను, అయిపోతుంది. ఎలర్జీ అయితే మాత్రం వంటిల్లే వేరేగా నడపాలి.

ఇంకో సంగతి. ఇక్కడ ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళకి తొక్కలోని నూనె తగిలి చేతులు పొక్కిపోతాయి. బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. నీది అలాంటిదా, లేక పప్పు తింటేనే వస్తుందా?

కోడలు: తింటేనండీ. ఎలర్జీనే. కొంచెం జాగ్రత్తగా ఉంటే చాలు, మీరు టెన్షన్ పడకండి.

చిన్నత్తయ్య: కొంచెం జాగ్రత్త అంటే నాకు ఏం తెలుస్తుంది? కొంచెం అంటే పులిహోరలోంచి ఏరేస్తే చాలా? లేక ఆ నెయ్యి కూడా తగలకూడదా? ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఎంతసేపటికి ఏమైంది, ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చిందా? అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన రోజు సంగతి చెప్పు. డాక్టరు ఏమన్నారో కూడా. టైపు చేయలేకపోతే ఫోన్ చెయ్యి.

6.58

కోడలు: టైపే చేస్తానండీ, ఇక్కడ అందరూ ఉన్నారు.

మొదటిసారి నాకు తొమ్మిదేళ్ళప్పుడు. ఎవరి ఇంట్లోనో కాజూ కట్లీ ఒక ముక్క తిన్నాను. పెదాలు ఉబ్బి, వాంతి అయ్యింది. అజీర్తి అనుకున్నారు. తర్వాత ఒకటి రెండుసార్లు పాయసం తాగితే ఒళ్ళంతా దద్దుర్లు. అప్పటి నుంచి అమ్మ పెట్టడం మానేసింది.

ఎక్కువగా వచ్చింది రెండేళ్ళ కిందట, విశాఖ హాస్టల్లో ఉన్నప్పుడు. బయట పనీర్ కూర తిన్నాను. పైన జీడిపప్పు కనపడలేదు, గ్రేవీలో ముద్ద వేశారు. నాలుగు ముద్దలు కూడా తినలేదు. పది పదిహేను నిమిషాల్లో అరచేతులు దురద, ఆ తర్వాత గొంతు బిగుసుకుపోయి మాట బొంగురుగా వచ్చింది, దగ్గు ఆగలేదు, కళ్ళు తిరిగాయి. స్నేహితులు ఆటోలో తీసుకెళ్ళారు. తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపటికి ఊపిరి ఆడింది. తగ్గాక కూడా కొన్ని గంటల్లో మళ్ళీ రావచ్చని రాత్రంతా ఉంచారు.

తర్వాత ఎలర్జీ డాక్టరు చర్మం మీద, రక్తంలో పరీక్ష చేశారు. జీడిపప్పు, పిస్తా రెండూ. అవి రెండూ చుట్టాలట, ఒకటి పడకపోతే రెండోది కూడా చాలామందికి పడదట.

చిన్నత్తయ్య: ఇంత జరిగితే "ఉన్నవాటిల్లో సర్దుకుంటాను" అంటావా! పెళ్ళి భోజనంలో నువ్వు తెల్లన్నం, పెరుగు తప్ప ముట్టుకోలేదు. కొత్త పెళ్ళికూతురు, సిగ్గు అనుకున్నాను నేను. మా వాళ్ళల్లో ఒకరిద్దరు వేరేగా కూడా అనుకున్నారు, నీకు దాచను.

కోడలు: తెలుసండీ, విన్నాను. 😊 ఆ రోజు అన్నిట్లోనూ జీడిపప్పే. అడుగుదామంటే వంటవాళ్ళు ఎక్కడున్నారో తెలియలేదు.

చిన్నత్తయ్య: సరే, ఇక అసలు సంగతికి వద్దాం. వేరుశనగ గుళ్ళు తింటావా? బాదం? కొబ్బరి? నువ్వులు?

కోడలు: మాది అనంతపురం కదండీ, శెనిక్కాయలు తినకపోతే ఊళ్ళోకి రానివ్వరు! చిన్నప్పటి నుంచి తింటున్నాను, ఏమీ కాదు. అది అసలు కాయధాన్యం, కంది, శనగల జాతి. కొంతమందికి అది కూడా పడదు, నాకు పరీక్షలో రాలేదు. కొబ్బరి, నువ్వులు తింటాను. బాదం ఇంట్లో విడిగా కొన్నది తింటాను, డ్రైఫ్రూట్స్ ప్యాకెట్లో కలిసొచ్చింది మాత్రం వద్దండీ.

చిన్నత్తయ్య: మామిడిపండో? జీడిమామిడి, మామిడి ఒకటే జాతి అంటారు మీ మామయ్య. చెట్టు నుంచి కోసినవి వచ్చాయి.

కోడలు: మామిడి బాగా తింటానండీ, ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

చిన్నత్తయ్య: బతికించావు. ఇప్పుడు నేను ఏమేం చేద్దామనుకున్నానో చెప్తాను, నువ్వు ఆపాల్సిన చోట ఆపు. పులిహోర. పచ్చి జీడిపప్పు, ములక్కాడ కూర. కోడికూర, అందులో జీడిపప్పు ముద్ద. చేపల పులుసు. వంకాయ వేపుడు. పెరుగు వడ. బూరెలు. సేమ్యా పాయసం.

జీడిపప్పు కూర ఎలాగూ ఎగిరిపోయింది. పులిహోరలో వేరుశనగ గుళ్ళు వేస్తాను. కోడికూరలో గసగసాలు, కొబ్బరి నూరి వేస్తాను. పాయసంలో కిస్‌మిస్ చాలు. ఇంతేనా?

కోడలు: ఇంతేనండీ, కాకపోతే చిన్న చిన్న విషయాలు రెండు మూడు ఉన్నాయి. చెప్పడానికి నాకే ఏదోలా ఉంటుంది.

చిన్నత్తయ్య: నాకు తెలియనివి ఆ చిన్నవే. చెప్పు.

కోడలు: మొదటిది నెయ్యి. జీడిపప్పు వేయించిన నెయ్యి మిగిలితే మనం దాన్నే మళ్ళీ వాడతాం కదా. పప్పు తీసేసినా నెయ్యిలో ఉంటుంది. వేడికి పోతుందని అంటారు కానీ, వేయించినా పోదండీ.

రెండోది మిక్సీ జారు. మూత కింద రబ్బరు రింగు ఉంటుంది చూడండి, దాని సందులో ముద్ద ఇరుక్కుంటుంది. రింగు ఊడదీసి సబ్బుతో కడిగితే చాలు.

మూడోది గరిట. పాయసం గరిట, కూర గరిట మారిపోతుంటాయి.

చిన్నత్తయ్య: ఇప్పుడే వెళ్ళి ఆ రింగు ఊడదీసి చూశాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. తెల్లగా పేరుకుని ఉంది, నిన్నటి కుర్మాలోది. పదేళ్ళుగా ఆ మిక్సీ వాడుతున్నాను, ఒక్కసారి కూడా దాన్ని తీయలేదు, సిగ్గేస్తోంది. అది వదిలేస్తాను, రోట్లో నూరుతాను. రోట్లో ఎప్పుడూ పచ్చళ్ళే, జీడిపప్పు నూరలేదు.

మరి గాలి మాటేమిటి? మా ఇంట్లో పక్క గదిలో జీడిపప్పు బస్తాలు ఉంటాయి. 320 సైజు గుళ్ళు వేరుగా, బద్దలు వేరుగా పోసి, పొట్టు తీయడానికి రోజూ నలుగురు వస్తారు. వాసనకి కూడా వస్తుందా నీకు?

కోడలు: వాసనకి ఇప్పటిదాకా రాలేదండీ. బస్తా పక్కన కూర్చున్నా ఫరవాలేదు అనుకుంటాను. పొట్టు దుమ్ము రేగే గదిలోకి మాత్రం వెళ్ళను. పప్పు తిన్న చేత్తో వడ్డించకుండా ఉంటే చాలు.

చిన్నత్తయ్య: అనుకుంటాను అంటున్నావు కాబట్టి ఆదివారం పని ఆపిస్తాను. శనివారం సాయంత్రమే గది తాళం వేసి, హాలు తడిగుడ్డతో తుడిపిస్తాను. పొట్టు తీసేవాళ్ళకి కూడా ఒక పూట సెలవు దొరుకుతుంది. మనవళ్ళు చేతుల్లో జీడిపప్పు పకోడీలతో తిరుగుతుంటారు, ఆ రోజు వాళ్ళకి చెగోడీలే.

మిఠాయి షాపులో ఏదీ కొనను. ఒకే కత్తితో అన్నీ కోస్తారు, కోవా మీద పిస్తా చల్లుతారు. ప్యాకెట్ బిస్కెట్లు సరేనా?

కోడలు: ప్యాకెట్ మీద చూసుకుంటానండీ. 2020 ఫుడ్ లేబుల్ నిబంధనల నుంచి వేరుశనగ, నట్స్ ఉంటే రాయాలి. విడిగా తూకం వేసి అమ్మేవాటితోనే ఇబ్బంది.

చిన్నత్తయ్య: ఇక అసలు ప్రశ్న. మేమంతా ఇంత చేసినా ఏదైనా జరిగితే? నీ దగ్గర మందు ఉందా? అబ్బాయికి తెలుసా?

కోడలు: అడ్రినలిన్ పెన్ను ఉందండీ. మందుల షాపులో మామూలుగా దొరకదు, డాక్టరు రాసిస్తే తెప్పించుకున్నాను. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. ఆయనకి వాడటం వచ్చు. తొడ బయటివైపు గుచ్చాలి, చీర మీద నుంచైనా సరే. దద్దుర్లు ఒక్కటే అయితే సెట్రిజిన్ సరిపోతుంది. గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా మాత్ర కోసం ఆగకూడదు, పెన్ను వాడి 108కి ఫోన్ చేయాలి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి, లేచి నడవనివ్వకూడదు. ఊపిరి అందకపోతే మాత్రం కూర్చోబెట్టాలి.

చిన్నత్తయ్య: ఈ మెసేజ్ మీ మామయ్యకి పంపించాను. కారు తాళం ఆ రోజు టీవీ మీద పెట్టమన్నాను. ప్రభుత్వాసుపత్రి మాకు పది నిమిషాల దూరం. నువ్వు వచ్చాక ఆ పెన్ను ఎక్కడ పెట్టావో నాకు కూడా చూపించు, బ్యాగు లోపలి గదిలో వేసి మర్చిపోతావు.

మీకు పెట్టిపంపడానికి మామయ్య 240 సైజు పెద్ద జీడిపప్పు రెండు కిలోలు వేరుగా తీయించి ఉంచారు. ఇప్పుడు అది ఎవరికి ఇవ్వాలో ఆయనకి తోచడం లేదు. నీకు మామిడి తాండ్ర ఇస్తాను.

కోడలు: మా అత్తగారికి ఇవ్వండి, ఆవిడ వేరే అల్మారాలో పెట్టుకుంటారు. 🙂 అత్తయ్యగారూ, ఇంత ఓపిగ్గా ఎవరూ అడగలేదండీ.

చిన్నత్తయ్య: అడగకపోతే ఆదివారం ఆ కోడికూర పెట్టేసేదాన్ని తల్లీ. సరే గానీ, బూరెల్లో శనగపప్పు, బెల్లం, కొబ్బరి, యాలకులు. నెయ్యి కొత్త డబ్బా తీస్తాను. నీ బూరెలు ముందు వేయించి మూత పెట్టి పక్కన ఉంచుతాను. ఎన్ని తింటావు?

కోడలు: నాలుగు.

చిన్నత్తయ్య: ఎనిమిది వేస్తాను.