జూన్ అమ్మకాల బిల్లులు: 9వ తేదీ సాయంత్రం 5 గంటల గడువు గురించి

గోవిందరాజులు గారికి నమస్కారం.

"గడువు మార్చేది లేదు, బిల్లులు రాకపోతే బాధ్యత మీదే" అని పొద్దున నేను రాసిన జవాబు మీ అనుభవానికి తగిన మర్యాదతో లేదు. బెంగుళూర కాయల లోడ్లు రాత్రంతా కాటా దగ్గర బారులు తీరుతున్న రోజుల్లో, చిత్తూరు యూనిట్‌లో కాటా చీటీలూ బిల్లులూ రెండూ మీ ఒక్కరి చేతి మీదుగానే నడుస్తున్నాయని తెలిసి కూడా అలా రాశాను. క్షమించండి. ఆ జవాబు స్థానంలో దీనినే చదువుకోగలరు.

గడువు మాత్రం అదే: మిగిలిన 44 అమ్మకాల బిల్లులు, వెనక్కి వచ్చిన డబ్బాలకు ఇచ్చిన క్రెడిట్ నోట్లు 9వ తేదీ సాయంత్రం 5 గంటలలోపు నాకు చేరాలి.

ఇప్పటికి ఉన్నవాటితో రిటర్ను వేసి, మిగతావి తర్వాత జీఎస్టీఆర్-1ఎలో చేర్చుకుందామని మీరు సూచించారు. 3బి వేసేలోపు అలా చేర్చే వీలు ఉన్న మాట నిజమే. అయితే జీఎస్టీఆర్-1 గడువైన 11వ తేదీలోపు మనం చూపిన బిల్లులే కొనుగోలుదారుకు 14న తయారయ్యే 2బిలో కనిపిస్తాయి. 1ఎలో చేర్చినవి మరుసటి నెల 2బిలోకి వెళతాయి కనుక, మన గుజ్జు కొన్నవారు ఆ పన్ను క్రెడిట్ కోసం ఇంకో నెల ఆగవలసి వస్తుంది. పోయిన సీజన్‌లో ఇదే కారణంగా ఒకరు మనకు రావలసిన సొమ్ములో పన్ను భాగాన్ని ఆపి ఉంచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

11 దాకా సమయం ఉండగా 9నే ఎందుకని మీరు అడగవచ్చు. యజమాని గారు 10వ తేదీ రాత్రికే కొండకు వెళుతున్నారు. రిటర్నుకు కావలసిన ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది, దర్శనం క్యూలోకి ఫోను తీసుకువెళ్లనివ్వరు. అందుచేత 10న పగలంతా జీఎస్టీ నంబర్లు సరిచూసుకుని, సాయంత్రానికి రిటర్ను వేసేయాలి.

మీ పని తేలిక కావడానికి నా వైపు నుంచి రెండు ఏర్పాట్లు చేశాను. రైతుల కొనుగోలు చీటీలు జీఎస్టీఆర్-1కు అవసరం లేదు కాబట్టి వాటిని 16వ తేదీకి పంపినా చాలు. అమ్మకాల బిల్లులను వరుసలో పెట్టే శ్రమ కూడా మీరు తీసుకోవద్దు; 9న ఉదయం మా ఆఫీసు కుర్రవాడు తిరుపతి నుంచి మొదటి బస్సుకు వచ్చి, కట్ట ఎలా ఉంటే అలాగే తెస్తాడు, విడదీయడం ఇక్కడ నేను చూసుకుంటాను.

5 గంటల తర్వాత చేరిన బిల్లులను ఈ జీఎస్టీఆర్-1లో కలపలేను. ఆ ఆలస్యాన్ని సంబంధిత కొనుగోలుదారులకు మీ శాఖ నుంచే తెలియజేయవలసి ఉంటుంది.

కుర్రవాడు ఎన్ని గంటలకు గేటు దగ్గర ఉండాలో ఈ రాత్రి ఒక్క మాట రాయండి.

ఇట్లు,
వసుంధర
అకౌంట్స్ విభాగం, తిరుపతి